బెంగళూరు ఫ్లాట్ అద్దె మీద అమెరికాలో క్రెడిట్: ఎంత వేసుకోవాలి, ఎలా వేసుకోవాలి

మీరు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగం చేస్తున్నారు. వైట్‌ఫీల్డ్‌లోనో మారతహళ్ళిలోనో ఒక ఫ్లాట్ ఉంది, అద్దెకిచ్చారు. అద్దెకున్నాయన నెలనెలా 31.2 శాతం టీడీఎస్ పట్టుకుని మిగతాది మీ ఎన్ఆర్ఓ ఖాతాలో వేస్తున్నాడు. అమెరికాలో రిటర్న్ వేసే వేళకి ఆ పట్టుకున్న మొత్తమంతా తీసుకెళ్ళి 'ఇండియాలో కట్టిన పన్ను' అని, విదేశంలో కట్టిన పన్నుని అమెరికా పన్నులోంచి తగ్గించే ఫారం 1116లో రాసేస్తారు చాలామంది. బెంగళూరులో నా దగ్గరికొచ్చే తెలుగు ఎన్ఆర్ఐల ఫైళ్ళలో నేను ఎక్కువగా సరిదిద్దేది ఈ ఒక్క అంకెనే.

టీడీఎస్ అనేది పన్ను మీద ముందుగా కట్టించుకున్న సొమ్ము. ఏడాది చివర లెక్కవేస్తే మీరు ఇండియాకి నిజంగా ఎంత బాకీ ఉన్నారో అదే మీ పన్ను. అమెరికా క్రెడిట్ ఇచ్చేది దానికే. అడిగితే వెనక్కి వచ్చే సొమ్మును మీరు అడగకుండా వదిలేస్తే అది మీ ఇష్టంతో ఇచ్చిన డబ్బు కింద లెక్క, దానికి క్రెడిట్ లేదని ఐఆర్ఎస్ పబ్లికేషన్ 514లో తేటగా రాసి ఉంది. కాబట్టి పని ఇండియాలో మొదలవ్వాలి, అమెరికాలో ముగియాలి. ఈ వరుస తిరగేస్తే రెండు చోట్లా నష్టమే.

ఒక కేసు పెట్టుకుని దానితోనే చివరిదాకా వెళదాం. భార్యాభర్తలు టెక్సస్‌లో ఉంటారు, జాయింట్‌గా రిటర్న్ వేస్తారు. ఒక్కరిదే జీతం, ఏడాదికి 1,60,000 డాలర్లు. వైట్‌ఫీల్డ్ ఫ్లాట్ ఆ ఉద్యోగి ఒక్కరి పేరు మీదే ఉంది. 2019లో 75 లక్షలకి కొని, ఆ ఏడే అద్దెకిచ్చారు, లోన్ తీరిపోయింది. అద్దె నెలకి 75,000. అసోసియేషన్‌కి నెలకి 6,000 మెయింటెనెన్స్ ఓనరే కడతారు. ప్రాపర్టీ టాక్స్ ఏడాదికి 20,000. ఇండియాలో వేరే ఆదాయం లేదనుకుందాం.

ముందు టెనెంట్‌తో మాట తేల్చుకోండి

నెలకి 50,000 దాటితేనే టీడీఎస్ అని అద్దెకుండే వాళ్ళందరికీ తెలుసు. అది ఓనర్ ఇండియాలో రెసిడెంట్ అయినప్పటి మాట. అక్కడ రేటు 2 శాతం, టీడీఎస్ కట్టడానికి తీసుకునే టాన్ నంబరు అక్కర్లేదు, ఏడాదికో చలాన్‌తో సరిపోతుంది. ఓనర్ నాన్ రెసిడెంట్ అయితే, మన ఉదాహరణ నాటి పాత చట్టంలో, సెక్షన్ 195 వస్తుంది. అందులో కనీస పరిమితి అంటూ ఏదీ లేదు, అద్దె పదిహేను వేలైనా కోత ఉంది. రేటు 30 శాతం, దాని మీద 4 శాతం సెస్, వెరసి 31.2. అదీ మొత్తం అద్దె మీద. అద్దెకుండే వ్యక్తి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయినా సరే టాన్ తీసుకోవాలి, పట్టుకున్న సొమ్ము మర్నెల 7వ తేదీలోగా కట్టాలి (మార్చి నెలది మాత్రం ఏప్రిల్ 30లోగా), మూడు నెలలకోసారి 27క్యూ రిటర్న్ వేయాలి, మీకు ఫారం 16ఏ ఇవ్వాలి.

ఇదంతా వినగానే టెనెంట్ ఏమంటాడో మీకు తెలుసు. "అన్నా, బ్రోకర్ ఇవేం చెప్పలేదే. మీ నాన్నగారి అకౌంట్‌లో వేసేస్తాను, ఆయన రెసిడెంటే కదా" అంటాడు. ఒప్పుకోవద్దు. ఫ్లాట్ మీ పేరు మీద ఉంటే అద్దె ఎవరి ఖాతాలో పడ్డా ఆదాయం మీదే. కోయనందుకు డిపార్ట్‌మెంట్ ముందు ఆ పన్నూ దాని మీద వడ్డీ అడిగేది టెనెంట్‌నే. ఆ నోటీసు వచ్చిన రోజు మీ ఇద్దరి మధ్యా మాట మిగలదు. అందుకని రెంటల్ అగ్రిమెంట్‌లోనే ఓనర్ నాన్ రెసిడెంట్ అని, టీడీఎస్ నాన్ రెసిడెంట్ లెక్కన కోయాలని ఒక వాక్యం రాయించండి. వీలైతే కంపెనీ లీజు చూసుకోండి, వాళ్ళకి టాన్ ముందే ఉంటుంది కాబట్టి ఈ గోల సగం తగ్గుతుంది.

కోత సరిగా పడుతోందా అనేది ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో మీ 26ఏఎస్ తెరిస్తే తెలుస్తుంది. ప్రతి ఎంట్రీ పక్కన సెక్షన్ నంబర్ ఉంటుంది. అక్కడ 195 బదులు 194ఐబీ కనిపిస్తే టెనెంట్ మిమ్మల్ని రెసిడెంట్‌గా లెక్కగట్టి 2 శాతమే కట్టాడని అర్థం. ఆ కట్టినది మీ పాన్ మీద పడింది కాబట్టి మీకు పోయేదేమీ లేదు. తక్కువ కోసినందుకు ఇరుక్కునేది మాత్రం అతనే, వెంటనే చెప్పండి.

ఇంకో భ్రమ కూడా ఇక్కడే తీర్చేస్తాను. అమెరికా నుంచి టాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ తెప్పించి టెనెంట్‌కిస్తే రేటు తగ్గుతుందని కొందరు నెలల తరబడి దాని వెనక తిరుగుతారు. వడ్డీకి, డివిడెండ్‌కి రెండు దేశాల ఒప్పందంలో రేటు పరిమితి ఉంది. స్థిరాస్తి ఆదాయానికి లేదు. ఒప్పందంలో ఆరో ఆర్టికల్ ప్రకారం ఆస్తి ఎక్కడుందో ఆ దేశం తన మామూలు చట్టం ప్రకారమే పన్ను వేసుకోవచ్చు. అద్దె విషయంలో ఆ సర్టిఫికెట్ ఫైలు బరువు పెంచడానికి తప్ప పనికిరాదు.

ఇండియా రిటర్న్‌లో అసలు పన్ను తేల్చండి

2024-25 ఆర్థిక సంవత్సరం తీసుకుందాం. ఎందుకు ఆ ఏడాదే అనేది కాసేపట్లో తెలుస్తుంది. మొత్తం అద్దె 9,00,000. మీరు చెల్లించిన ప్రాపర్టీ టాక్స్ 20,000 తీసేస్తే 8,80,000. దాని మీద 30 శాతం, అంటే 2,64,000, చట్టం దానంతటదే తగ్గిస్తుంది. మీరు రిపేర్లకి రూపాయి పెట్టినా పెట్టకపోయినా ఆ 30 శాతం మీదే. దానికి బదులుగా మెయింటెనెన్స్, పెయింటింగ్, బ్రోకర్ కమిషన్ వంటివేవీ విడిగా తగ్గించుకోనివ్వరు. మిగిలిన 6,16,000 మీ ఆదాయం.

కొత్త పన్ను విధానంలో ఆ ఏడాది మొదటి 3 లక్షలకి పన్ను లేదు, ఆపై 7 లక్షల వరకు 5 శాతం. 3,16,000 మీద 15,800, సెస్‌తో 16,432 రూపాయలు. రెసిడెంట్లకి ఈ స్థాయిలో రిబేటుతో పన్ను సున్నా అయ్యేది. ఆ రిబేటు ఎన్ఆర్ఐలకి లేదు. స్నేహితుడి లెక్కతో పోల్చుకుని 'నాకెందుకు పడింది' అని కంగారుపడకండి.

ఇక టెనెంట్ నెలకి 23,400 చొప్పున ఏడాదికి పట్టుకున్నది 2,80,800. మీరు నిజంగా కట్టాల్సింది 16,432. తేడా 2,64,368 రూపాయలు ఐటీఆర్-2 వేస్తే వెనక్కి వస్తుంది. వేయకపోతే అక్కడే ఉండిపోతుంది. 'ఎలాగూ టీడీఎస్ కట్ అయిపోయింది కదా, మళ్ళీ రిటర్న్ ఎందుకు' అనేవాళ్ళు ఈ ఒక్క అంకె చూస్తే చాలు.

రిటర్న్‌కి మామూలు గడువు జూలై 31. ఆ ఏడాదికి మాత్రం 2025 సెప్టెంబర్ 16 దాకా పొడిగించారు. గడువు దాటినా డిసెంబర్ 31 వరకు ఆలస్యపు రుసుముతో వేయవచ్చు. అదీ దాటితే అప్‌డేటెడ్ రిటర్న్ ఉందిగా అనుకోవద్దు, దానితో రీఫండ్ అడగడానికి వీల్లేదు. ఆలస్యాన్ని మన్నించమని డిపార్ట్‌మెంట్‌కి విడిగా అర్జీ పెట్టుకోవడం తప్ప దారి ఉండదు. వేసిన 30 రోజుల్లో ఇ-వెరిఫై చేయడం మర్చిపోకండి. ఇండియా నంబర్ ఆగిపోయి ఆధార్ ఓటీపీ రాక రిటర్న్‌లు చెల్లకుండా పోయిన ఎన్ఆర్ఐలు బోలెడంతమంది. నెట్ బ్యాంకింగ్ ద్వారా లాగిన్ అయి వెరిఫై చేయడం వాళ్ళకి సులువు. రీఫండ్ పడాల్సిన ఎన్ఆర్ఓ ఖాతాని పోర్టల్‌లో ముందే వ్యాలిడేట్ చేసి ఉంచండి.

రిటర్న్ ప్రాసెస్ అయ్యాక వచ్చే 143(1) ఇంటిమేషన్‌ని జాగ్రత్తగా దాచండి. అందులో 'మొత్తం పన్ను' అని ఉండే అంకె, మన కేసులో 16,432, అదే అమెరికా రిటర్న్‌కి మీ ఆధారం. ఆలస్యపు రుసుము, వడ్డీ, పెనాల్టీ ఏవైనా కట్టి ఉంటే వాటిని ఇందులో కలపకండి. అవి పన్ను కావు, క్రెడిట్ రాదు. రీఫండ్‌తో పాటు డిపార్ట్‌మెంట్ ఇచ్చే వడ్డీ మాత్రం ఆదాయమే, రెండు దేశాల్లోనూ చూపించాలి.

ఏటా రెండున్నర లక్షలు అక్కడ ఇరుక్కోకుండా

ఏడాదంతా నెలకి 23,400 పోగొట్టుకుని, తర్వాత రీఫండ్ కోసం కాచుకోవడం ఇష్టం లేకపోతే ఫారం 13 వేయండి. 'ఈయన అసలు పన్ను ఇంతే, కాబట్టి తక్కువ కోయండి' అని డిపార్ట్‌మెంట్ ఇచ్చే సర్టిఫికెట్ అది. దరఖాస్తు ట్రేసెస్ సైట్‌లో పెట్టాలి. అగ్రిమెంట్, గత రిటర్న్‌లు, ఈ ఏడాది ఆదాయపు అంచనా జతచేయాలి. మన కేసులో అసలు పన్ను మొత్తం అద్దెలో రెండు శాతం కూడా లేదు. కాబట్టి అడగడానికి మీకు గట్టి ఆధారమే ఉంది.

రెండు సంగతులు ముందే తెలుసుకోవాలి. సర్టిఫికెట్ మీద టెనెంట్ టాన్ ఉంటుంది, కాబట్టి అతనికి టాన్ వచ్చాకే మీ దరఖాస్తు కదులుతుంది. టెనెంట్ మారితే సర్టిఫికెట్ కూడా మళ్ళీ మొదటి నుంచి. రెండోది, అది వచ్చిన రోజు నుంచే పనిచేస్తుంది, అంతకుముందు కోసిన నెలలకి వర్తించదు. ఒక ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. అందుకే ఏప్రిల్‌లోనే పెట్టాలి. అక్టోబర్‌లో పెడితే ఆ శ్రమకి ఫలితం సగమే. నా లెక్కలో అద్దె నెలకి నలభై వేలు దాటితే ఫారం 13 శ్రమకి తగ్గ లాభం ఉంది, అంతకన్నా తక్కువైతే రీఫండ్ దారే నయం.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది, సెక్షన్ల, ఫారాల నంబర్లు మారాయి. మన ఉదాహరణ పాత చట్టం కిందిది కాబట్టి పాత నంబర్లే వాడుతున్నాను.

అమెరికాలో అదే అద్దెకి వేరే లెక్క

సిటిజన్, గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళు, హెచ్1బీ మీద ఉండి అక్కడ టాక్స్ రెసిడెంట్ అయినవాళ్ళు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అమెరికాకి చూపించాలి. ఇండియా రిటర్న్‌లోని 6,16,000ని డాలర్లలోకి మార్చి రాసేస్తే చెల్లదు. అమెరికా తన నియమాలతో మొదటి నుంచి లెక్క వేయమంటుంది. దానికి వాడేది 'షెడ్యూల్ ఈ' అనే అద్దె ఆదాయపు పత్రం.

మన ఇంటి ఆదాయాన్ని 2025 క్యాలెండర్ సంవత్సరానికి, అంటే జనవరి నుంచి డిసెంబర్ దాకా, చూద్దాం. డాలర్‌కి 87 రూపాయలని పెట్టుకుంటున్నాను. మీ రిటర్న్‌లో ఆ ఏడాది సగటు రేటు చూసుకుని వాడండి. అద్దె 9,00,000 అంటే 10,345 డాలర్లు. ఇక్కడ మొత్తం అద్దె రాయాలి, టీడీఎస్ పోగా చేతికొచ్చిన 6,19,200 కాదు. ఎన్ఆర్ఓ స్టేట్‌మెంట్ చూసి రాసేవాళ్ళు సరిగ్గా ఇక్కడే తప్పులో కాలేస్తారు. ఆదాయాన్ని తక్కువ చూపించి, మళ్ళీ టీడీఎస్‌కి క్రెడిట్ అడుగుతారు.

బెంగళూరు అడ్వాన్సు సంగతి కూడా చెప్పాలి. నెలల అద్దెని ముందే డిపాజిట్‌గా తీసుకుంటారు కదా, తిరిగి ఇవ్వాల్సినంత కాలం అది ఆదాయం కాదు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ ఖర్చని కొంత ఉంచేసుకున్నా, చివరి రెండు నెలల అద్దె కింద సర్దేసినా, ఉంచుకున్న మేర ఆ ఏడాది అమెరికా రిటర్న్‌లో ఆదాయం అవుతుంది.

ఖర్చుల దగ్గర ఇండియా 30 శాతం ఇక్కడ లేదు. నిజంగా పెట్టిన ఖర్చే తగ్గించుకోవాలి. ప్రాపర్టీ టాక్స్ 230 డాలర్లు, మెయింటెనెన్స్ 72,000 రూపాయలు కాబట్టి 828 డాలర్లు. ఈ రసీదులు ఇండియా రిటర్న్‌కి అక్కర్లేదు కాబట్టి చాలామంది దాచరు. అసోసియేషన్ యాప్‌లో ఏడాది స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసుకోండి.

ఇక అన్నిటికన్నా పెద్దది తరుగుదల. ఇండియాలో ఇంటి అద్దెకి తరుగుదల అనే మాటే లేదు, అందుకే మనవాళ్ళు దీన్ని వదిలేస్తారు. విదేశంలో ఉన్న ఇంటికి అమెరికా 30 ఏళ్ళ సమాన వాయిదాల్లో తరుగుదల ఇస్తుంది. 2018కి ముందే అద్దెకి ఇచ్చిన ఇళ్ళకైతే 40 ఏళ్ళు. అమెరికాలో ఉన్న ఇంటికి వాడే 27.5 ఏళ్ళ లెక్క ఇక్కడ చెల్లదు. సాఫ్ట్‌వేర్‌లో ఆస్తి విదేశంలో ఉందని సరిగా నింపకపోతే అది 27.5 తీసేసుకుంటుంది, ఫైల్ చేసే ముందు ఆ పేజీ తెరిచి చూడండి.

భూమికి తరుగుదల లేదు. అపార్ట్‌మెంట్‌లో మీ భూమి అంటే సేల్ డీడ్‌లో రాసిన యూడీఎస్, అవిభాజ్య వాటా. మన ఫ్లాట్‌కి 375 చదరపు అడుగులు ఉందనుకుందాం. కొన్న నాటికి అక్కడ భూమి విలువ అడుగుకి 5,000 అనుకుంటే భూమి వాటా 18,75,000, అంటే కొన్న ధరలో నాలుగో వంతు. మిగతా ముప్పాతిక కట్టడం. కొన్న ధరని డాలర్లలోకి మార్చేటప్పుడు ఇప్పటి రేటు వాడకూడదు, కొన్న నాటి రేటు వాడాలి. 2019లో డాలర్‌కి 70 చొప్పున 75 లక్షలంటే 1,07,143 డాలర్లు. అందులో ముప్పాతిక 80,357. దాన్ని 30తో భాగిస్తే ఏడాదికి 2,679 డాలర్లు.

అన్నీ పోగా షెడ్యూల్ ఈలో మిగిలేది 6,608 డాలర్లు. తరుగుదల తీసుకోకుండా ఊరుకుంటే ఏటా దాదాపు 590 డాలర్లు అదనంగా కట్టినట్టు. అంతటితో పోదు. ఫ్లాట్ అమ్మే రోజున ఐఆర్ఎస్ మీరు తరుగుదల తీసుకున్నారా లేదా అని చూడదు, తీసుకునే హక్కు ఉంది కాబట్టి తీసుకున్నట్టే లెక్కగట్టి లాభం పెంచుతుంది.

ఏ ఏడాది ఇండియా పన్నుకి ఏ ఏడాది క్రెడిట్?

ఇండియా సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి, అమెరికాది జనవరి నుంచి డిసెంబర్. ఏటా ఇక్కడే తల పట్టుకుంటారు. మామూలు పద్ధతిలో 'కట్టిన' పన్నుకి క్రెడిట్, అంటే 2025 క్యాలెండర్ ఏడాదిలో కోసిన టీడీఎస్ చూడాలి. అందులో మూడు నెలలు ఒక ఆర్థిక సంవత్సరానివి, తొమ్మిది నెలలు మరోదానివి. ఆ తొమ్మిది నెలలకి అసలు పన్నెంతో మార్చి దాటితే గానీ తేలదు. అందాజాగా రాసి, తర్వాత సవరించాలి.

నేను చెప్పేది రెండో పద్ధతి. పన్ను 'అక్రూ' అయిన ఏడాదిలో క్రెడిట్ తీసుకుంటానని ఎంచుకోండి. ఇండియా ఆర్థిక సంవత్సరం ఎప్పుడు ముగుస్తుందో ఆ రోజు దాని పన్ను మొత్తం ఖాయమైనట్టు లెక్క. 2024-25 ముగిసింది 2025 మార్చి 31న. కాబట్టి ఆ ఏడాది మొత్తం పన్ను 16,432 అమెరికా 2025 రిటర్న్‌లోకి వెళుతుంది. ముక్కలు చేయక్కర్లేదు. 2025 అమెరికా రిటర్న్ గడువు 2026 ఏప్రిల్ 15, అప్పటికి మీ ఇండియా రిటర్న్ వేసి, ఇంటిమేషన్ కూడా చేతికొచ్చి ఉంటుంది. అందాజా అక్కర్లేదు, ఖాయమైన అంకె ఉంటుంది. ఒక్కటే షరతు, ఒకసారి ఈ పద్ధతి ఎంచుకుంటే ఇక విదేశీ పన్ను క్రెడిట్ ఎప్పటికీ ఇలాగే తీసుకోవాలి. మీ జీతం, మిగతా ఆదాయం లెక్క మాత్రం మారదు, ఈ ఎంపిక క్రెడిట్‌కి మాత్రమే.

ఫారం 1116 నింపడం

300 డాలర్లలోపు (జాయింట్‌గా అయితే 600) క్రెడిట్‌కి ఫారం 1116 అక్కర్లేదని విని ఉంటారు. ఆ వెసులుబాటు 1099 వంటి అమెరికా పత్రంలో రిపోర్ట్ అయిన డివిడెండ్, వడ్డీలాంటి ఆదాయానికి. మీ టెనెంట్ మీకు 1099 ఇవ్వడు. కాబట్టి చిన్న మొత్తమైనా ఫారం నింపాల్సిందే.

పైన ఆదాయం కేటగిరీ దగ్గర పాసివ్ టిక్ చేయండి. అద్దెకిచ్చిన ఇల్లు మామూలుగా అందులోకే వస్తుంది. దేశం ఇండియా. మొదటి భాగంలో మొత్తం అద్దె 10,345, దానికి నేరుగా సంబంధించిన ఖర్చులు 3,737. ఇక్కడ అందరూ ఆగిపోయే లైను ఒకటుంది. మీ స్టాండర్డ్ డిడక్షన్‌లో విదేశీ ఆదాయం వాటా కూడా తగ్గించాలి. 2025కి జాయింట్ రిటర్న్‌కి అది 31,500. మొత్తం రాబడి 1,70,345లో అద్దె 10,345, అంటే 6 శాతం పైచిలుకు, వాటా 1,913 డాలర్లు. 6,608లోంచి తీస్తే 4,695 మిగులుతుంది. సాఫ్ట్‌వేర్ ఇది తనే చేస్తుంది, ఎందుకు తగ్గిందో తెలియడానికి చెబుతున్నాను.

రెండో భాగంలో 'అక్రూడ్' టిక్ చేసి, తేదీ 2025 మార్చి 31 అని, పన్ను రూపాయల్లో 16,432, డాలర్లలో 189 అని రాయండి.

మూడో భాగం పరిమితి. మీ మొత్తం టాక్సబుల్ ఇన్‌కమ్ 1,35,108 డాలర్లు, దాని మీద పన్ను 19,552. అందులో 4,695 వాటా ఎంతో అంతవరకే క్రెడిట్, అంటే 679 డాలర్లు. మీ 189 దానికంటే తక్కువ కాబట్టి పూర్తిగా వస్తుంది. ఆ అంకె షెడ్యూల్ 3 మొదటి లైనులోకి వెళుతుంది.

చివరికి ఎంత పడింది? అద్దె వల్ల అమెరికా పన్ను 22 శాతం శ్లాబులో 1,454 డాలర్లు పెరిగింది. 189 క్రెడిట్ పోగా 1,265 అక్కడ కట్టాలి. ఇండియాలో 189, అమెరికాలో 1,265. రెండూ కలిపితే అమెరికా రేటు ఎంతో అంతే, ఒక్క డాలర్ రెండుసార్లు పడలేదు. 'ఇండియాలో 31 శాతం పోయింది, ఇక అమెరికాలో ఏమీ ఉండదు' అని నమ్మి కూర్చున్నవాళ్ళకి ఈ 1,265 మింగుడుపడదు. ఇండియాలో అసలు పడింది రెండు శాతం లోపేనని గుర్తుంటే ఆశ్చర్యం ఉండదు.

ఇదే ఇల్లు కాలిఫోర్నియాలో ఉండే వాళ్ళదైతే రాష్ట్రం పన్ను కూడా పడుతుంది, అక్కడ ఇండియా పన్నుకి క్రెడిట్ ఇవ్వరు. జాయింట్ ఆదాయం రెండున్నర లక్షల డాలర్లు దాటినవాళ్ళకి పడే 3.8 శాతం అదనపు పన్ను మీద కూడా ఫారం 1116 పనిచేయదు. ఇంటి లోన్ వడ్డీ పెద్దదై షెడ్యూల్ ఈలో నష్టం తేలితే, ఆదాయం లక్షన్నర డాలర్లు దాటినవాళ్ళకి ఆ నష్టం జీతంలోంచి తగ్గదు, రాబోయే సంవత్సరాల అద్దె లాభంలోంచి తీసుకోవడానికి నిలవ ఉంటుంది.

ఎన్ఆర్ఓ సహా ఇండియా ఖాతాలన్నిటి నిలవ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే విదేశీ ఖాతాల వివరాలు చెప్పే ఎఫ్‌బార్ విడిగా వేయాలి. రెండున్నర లక్షల రీఫండ్ ఒకేసారి పడ్డ నెలలో ఈ గీత దాటే అవకాశం ఎక్కువ. ఫ్లాట్‌ని మాత్రం నేరుగా మీ పేరు మీద ఉంచుకుంటే విదేశీ ఆస్తుల ఫారం 8938లో చూపించక్కర్లేదు.

ఇప్పటికే టీడీఎస్ మొత్తానికి క్రెడిట్ వేసి ఉంటే

పాత ఫారం 1116 తీసి రెండో భాగం చూడండి. అక్కడి రూపాయల అంకె మీ 26ఏఎస్‌లోని టీడీఎస్‌తో సరిపోలుతోందా, లేక ఇంటిమేషన్‌లోని మొత్తం పన్నుతోనా? మొదటిదైతే తప్పు జరిగింది. మన కేసులో అలా వేసినవారు 3,228 డాలర్లు చూపించి ఉంటారు. పరిమితి వల్ల 679 వాడుకుని, మిగతా 2,549 పదేళ్ళ దాకా వాడుకోవచ్చని ముందుకు తీసుకెళుతూ ఉంటారు. ఆ నిలవ అసలు లేదు. అది ఇండియా ఖజానాలో మీ పేరు మీద ఉన్న రీఫండ్.

ఇండియా రిటర్న్ వేసి రీఫండ్ తీసుకున్నవారైతే, క్రెడిట్ తీసుకున్న పన్ను తర్వాత తగ్గింది కాబట్టి ఆ ఏడాది అమెరికా రిటర్న్‌ని 1040-ఎక్స్‌తో సవరించడం తప్పనిసరి. మన కేసులో 490 డాలర్లు వడ్డీతో వెనక్కి కట్టాలి. ఇండియా రిటర్న్ అసలు వేయనివారు ముందు అక్కడ ఆలస్యం మన్నింపు అర్జీ పెట్టి, రిటర్న్ వేసి, ఇంటిమేషన్ వచ్చాక అమెరికా సవరణకి వెళ్ళాలి. ఆ అర్జీ దారి ఎల్లకాలం తెరిచి ఉండదు, కాబట్టి పాత ఏడాదితో మొదలుపెట్టండి. అర్జీకి జతచేయడానికి టెనెంట్ ఇచ్చిన 16ఏలు దొరక్కపోతే 26ఏఎస్ పీడీఎఫ్, ఎన్ఆర్ఓ స్టేట్‌మెంట్, అప్పటి అగ్రిమెంట్ ఈ మూడూ పెట్టండి.